వాసన గది

షెడ్డు వెనక ఒక గది ఉంది. దానికి కిటికీ లేదు. తలుపు వేశాక సందుల్లో పాత గుడ్డలు కుక్కుతారు. శుభ్రం చేసిన పేము సామాను ఏదైనా సరే, బయటికి వెళ్ళే ముందు ఒక రాత్రి ఆ గదిలో ఉండి తీరాలి. తెల్లవారాక చిన్నమ్మ వచ్చి, గుడ్డలు లాగి, తలుపు తెరిచి, గుమ్మంలోనే నిలబడి ఒక్కసారి గాలి పీల్చేది. లోపలికి అడుగు పెట్టేది కాదు. కుర్చీ అల్లికలో ఎక్కడైనా బూజు బతికి ఉంటే, ఆ రాత్రంతా మూసిన గాలిలోకి అది తన సంగతి తానే చెప్పేసి ఉంటుంది. ఆ మొదటి గాలి పోతే మళ్ళీ దొరకదు. అందుకని ఆమె వచ్చేదాకా ఆ తలుపు మీద ఎవరూ చెయ్యి వేసేవారు కాదు.

"శుభ్రం" అంటే బండెక్కేది. "ఉంది" అంటే మళ్ళీ కుంచె కిందికి వెళ్ళేది. ఆ రెండు మాటల మధ్య ఇరవై ఏళ్ళు గడిచాయి.

ఆమెకు చూపు లేదు. పసితనంలో తట్టు పోసి కళ్ళు తీసుకుపోయింది. అక్కకు పేము మేస్త్రితో పెళ్ళైనప్పుడు, అక్క వెంట ఇంకో మూటలాగా ఈ ఇంటికి వచ్చింది. అక్క పోయింది, మూట మిగిలింది. పెళ్ళి కాని, కళ్ళు లేని మరదలు ఒక ఇంట్లో దేనికి ఉంటుందని ఎవరూ అడగలేదంటే, ఆ గుమ్మం దగ్గర పీల్చే గాలే కారణం. ఊళ్ళో మిగతా షెడ్లకు కత్తులున్నాయి, మేకులున్నాయి, మంచి పనివాళ్ళున్నారు. ముక్కు మాత్రం ఈ షెడ్డుకే ఉంది. బేరం కుదరని చోట బావ చివరి మాటగా, "మా చిన్నమ్మ చూస్తుంది లెండి" అనేవాడు. బేరం కుదిరేది.

షెడ్డులో మూడో మనిషి గంట. ఆవిడ అసలు పేరు ఆవిడకే గుర్తుందో లేదో. నోట్లో నువ్వుగింజ నానదు. సామాను మోసేదీ, దుమ్ము దులిపేదీ ఆవిడే. సైకిల్ పంపు గొట్టాన్ని అల్లిక కన్నాల్లో పెట్టి గాలి కొడుతూ, ఆ గాలి కంటే జోరుగా మాట్లాడేది.

వానలు పడ్డ మొదట్లో చిన్నమ్మకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు పడుకుని లేచింది. ఒంటి నొప్పులు తగ్గాయి, ఆకలి వచ్చింది. అన్నం మాత్రం గడ్డిలా ఉంది. నోరు చేదెక్కింది కదా, తగ్గుతుందిలే అనుకుంది.

ఆ వారంలోనే ఒక ఉదయం పొయ్యి దగ్గర కూర్చుని ఉండగా గంట పరిగెత్తుకొచ్చి గిన్నె దించింది.

"పాలు మాడి వీధి చివరిదాకా కంపు కొడుతుంటే, పక్కనే బొమ్మలా కూర్చున్నావేంటి చిన్నమ్మా? తపస్సా?"

"ఏదో ఆలోచనలో పడ్డా" అంది చిన్నమ్మ.

"మాకు ఆలోచన వస్తే నోరు ఆగదు, నీకు ఆలోచన వస్తే ముక్కు ఆగుతుంది" అని నవ్వి గంట గిన్నె తోముకోవడానికి వెళ్ళింది.

అందరూ పనిలో పడ్డాక చిన్నమ్మ వెనిగర్ సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఘాటు తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ అది మంట, వాసన కాదు. సబ్బు ముక్క తీసింది. ఏమీ లేదు. మూల పడేసిన కుళ్ళిన పేము కట్టలో ముఖం దాచుకుంది. ఇరవై ఏళ్ళుగా ఆమెకు కూడు పెట్టిన ఆ మగ్గిన, తడి మట్టిలాంటి వాసన అక్కడే ఉండి ఉంటుంది. గోడలో ముఖం పెట్టినట్టుంది.

ఎవరితోనూ చెప్పలేదు. రేపు వస్తుందనుకుంది.

ఆ రేపు ఆసుపత్రి బండి వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బు మనుషులను ఉంచే ఆసుపత్రి అది. పొడుగాటి వరండాలో వాళ్ళను పొద్దుటి గాలికి పడక కుర్చీల్లో కూర్చోబెడతారు. వానకు కొట్టంలో మూసిపెట్టిన కుర్చీలన్నీ బూజు పట్టాయి. వెంట వచ్చిన సిస్టర్ మెత్తగా, తూచినట్టు మాట్లాడే మనిషి.

"వాళ్ళది అసలే అరకొర ఊపిరండీ. మామూలు వాళ్ళకు తుమ్ముతో పోయేది వీళ్ళకు వారం పడుతుంది. పైకి మెరిస్తే చాలదు, లోపల ఉండకూడదు" అంది.

"మా చిన్నమ్మ చూస్తుంది లెండి" అన్నాడు బావ.

చిన్నమ్మ తల ఊపింది.

పని ఎప్పటిలాగే చేసింది. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, ముందు పొడి పని. అల్లిన పేము బద్ద పోయిన దారినే కుంచె పోవాలి, అడ్డంగా లాగకూడదు. దుమ్మంతా రాలకముందు తడి తగిలిందా, అది కన్నాల్లో బురదై కూర్చుంటుంది. బూజుకు అంతకంటే విందు లేదు. గంట పంపుతో గాలి కొట్టింది. తరవాత సబ్బు నీళ్ళు గిలక్కొట్టి, నీళ్ళు కాదు, పైన తేలిన నురగ మాత్రమే గుడ్డతో తీసి రుద్దింది. బూజు మచ్చ వేలికి సన్నటి పిండిలా తగిలిన చోట, నీళ్ళు కలిపిన వెనిగర్‌లో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచింది. ఆ మీద మంచినీళ్ళ గుడ్డ, ఆ మీద పొడి గుడ్డ.

పేముకు నున్నటి చర్మం పైకి ఉంటుంది. దాని మీద నీళ్ళు నిలవవు. అడుగు వైపు మాత్రం దాహంతో ఉంటుంది, ఎంత ఇస్తే అంత తాగుతుంది. తాగి ఉబ్బుతుంది. ఉబ్బింది తొందరపడి ఎండితే పైచర్మం ఒక లెక్కన, లోపలి నార ఒక లెక్కన ముడుచుకుని బద్ద మెలిపడుతుంది. అందుకే నీడలో, గాలి ఆడే చోట, ఇటుకల మీద కుర్చీని తలకిందులుగా పెట్టి వదిలేయాలి. పూర్తిగా ఆరేదాకా పిల్లి కూడా ఎక్కకూడదు. తడి బద్ద బరువుకు సాగి, సాగినట్టే ఎండిపోతుంది.

ఇవన్నీ చేతులు చేశాయి. చేతులకు ఏమీ కాలేదు. కానీ బద్ద మీద బద్ద ఎక్కే చోట, కాళ్ళ కీళ్ళకు చుట్టిన కట్ల లోపల, వేలు దూరదు. అక్కడికి వెళ్ళేది ముక్కు ఒక్కటే.

తెల్లవారి తలుపు తెరిచి గుమ్మంలో నిలబడింది. గాలి పీల్చింది. చల్లగా ఉంది. అంతే. వెనక బావ చెప్పుల చప్పుడు ఆగింది.

"శుభ్రం" అంది.

గొంతు ఎప్పటిలాగే ఉంది. అందుకే ఆమెకు భయం వేసింది.

మిగతా కుర్చీలతో సిస్టర్ మళ్ళీ వచ్చేసరికి వాన కాస్త తెరిపి ఇచ్చింది. కుర్చీలు దించుతూ గంట ఊరికే ఉండలేక అడిగింది. "మొన్న తీసుకెళ్ళినవి బాగున్నాయా సిస్టరమ్మా? మీ రోగులు దిగనంటున్నారా?"

"కుర్చీలు బాగానే ఉన్నాయి" అంది సిస్టర్. కొంచెం ఆగి, "కిటికీ పక్క మంచం ఆయన, ఇంటికి పంపిద్దాం అనుకుంటున్న వేళ, వరండాలో కూర్చున్నాక దగ్గు తిరగబెట్టింది. మళ్ళీ మంచం ఎక్కాడు, దిగలేదు. పాపం, వయసు కూడా ఉందిలెండి. ఆ కుర్చీలో తల పెడితే అదోలా వాసన వస్తోందని అనేవాడు. జబ్బు మనిషికి అన్నీ వాసనలే కదా" అంది.

ఆమె మాటలో నింద లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. బావ నశ్యం డబ్బా మూత టక్కున మూసిన చప్పుడు వినిపించింది.

"మా దగ్గర్నుంచి వెళ్ళింది అలా ఉండదమ్మా" అన్నాడు.

"నేను అన్నానా? ఆయన అన్నాడు. ఆయన లేడు" అంది సిస్టర్.

చిన్నమ్మ చేతిలో కుంచె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆ కుర్చీయే అందుకు కారణమని చెప్పగలిగినవాళ్ళు లేరు. కాదని చెప్పగలిగిన ఒకే ఒక మనిషి తాను. ఆ గుమ్మంలో తనకు చల్లగాలి తప్ప ఏమీ తగల్లేదు. ఇది కడుపులో పెట్టుకుని ఆమె రెండో విడత కుర్చీల మీద పడింది. ముక్కు చేయని పని నీళ్ళతో చేయిద్దాం అనుకుంది. కట్ల లోపలికి వేలు పోదు కానీ నీళ్ళు పోతాయి కదా. వెనిగర్ నీళ్ళు గరిటెతో కీళ్ళలో పోసింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. పేము ఎంత ఇస్తే అంత తాగింది. చేతి కింద కట్లు ఉబ్బి మెత్తబడ్డాయి.

చెయ్యకూడదని ఆమెకు తెలుసు. ఎవరైనా చేస్తే చెయ్యి మీద కొట్టేది.

ఇప్పుడు అవి ఆరాలి. నీడలో ఆ తడి ఆరేలోగా కొత్త బూజు పుడుతుంది. మధ్యాహ్నం బావ కొత్త పేము కోసం బజారుకు వెళ్ళాడు. గంట అన్నానికి ఇంటికి వెళ్ళింది. చిన్నమ్మ పెరట్లోకి వచ్చి చెయ్యి చాపింది. వాన వెలిసిన ఎండ, చురుక్కున తగిలింది. ఎండలో బూజు బతకదు. ఎండ అబద్ధం చెప్పదు. ఒక కుర్చీని ఈడ్చుకొచ్చి ఎండలో పెట్టి, గోడ పక్కన కూర్చుంది.

కొంతసేపు ఏమీ లేదు. కాకులు, దూరంగా రంపం చప్పుడు.

తరవాత టిక్ మంది. చిటిక వేసినట్టు. ఇంకొకటి. ఆ మీద వరసగా రెండు మూడు. ఆమె లేచి తడుముకుంటూ వెళ్ళి చేతులు వేసింది. పైచర్మం వేడిగా, పొడిగా ఉంది. దాని కింద ఇంకా తడి. బద్దలు చీలి సూదుల్లా పైకి లేచాయి. ఒకటి బొటనవేల్లో దిగింది. చట్రం ఒక పక్కకు మెలిపడి, నాలుగు కాళ్ళలో ఒకటి నేల వదిలేసింది. చెయ్యి నొక్కితే కుర్చీ మొత్తం కుంటుతోంది. కుర్చీని నీడలోకి లాగింది. లాగుతుంటే కూడా టిక్కుమంటూనే ఉంది.

బావ వచ్చి చూశాడు. అరవలేదు. అరిచే మనిషి కాదు. కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎండలో ఎవరు పెట్టారు?"

గంట అప్పుడే అన్నం తిని వస్తోంది. "నేనైతే కాదు. నాకేం పిచ్చా? ఇన్నేళ్ళుగా నీడ నీడ అని మీ ఇద్దరూ నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటే?"

"మోసేది నువ్వు. ఇంకెవరు పెడతారు? కళ్ళు లేని మనిషి ఈడ్చుకొచ్చి పెట్టిందా?"

గంట ఏదో అనబోయింది. ఆగింది. చిన్నమ్మ ఉన్న వైపు తిరిగినట్టుంది. గాజుల చప్పుడు ఇటు వచ్చి ఆగింది. చిన్నమ్మ బొటనవేలు పిడికిట్లో దాచుకుంది. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట వెనక ఇంకో మాట వస్తుంది, ఎందుకు పెట్టావని. దాని వెనక ముక్కు సంగతి. ముక్కు లేకపోతే ఈ ఇంట్లో తను ఎవరు?

"రేపట్నుంచి రాకు" అన్నాడు బావ.

గంట గోడకున్న తన సంచీ తీసుకుంది. వెళుతూ వెళుతూ, "సరే అన్నయ్యా. మీ కుర్చీలకు ఇక గాలి ఆడుతుంది, నా నోరు ఉండదుగా" అంది. నవ్వబోయింది కానీ రాలేదు. చెప్పులీడ్చుకుంటూ వెళ్ళిన చప్పుడు మలుపు దాకా వినిపించింది.

షెడ్డులో చప్పుడు లేకుండా పోయింది. బావ కత్తికి పదును పెడుతున్నాడు. రాయి మీద కత్తి పోయి వస్తోంది. చిన్నమ్మ ఆ చప్పుడును పట్టుకుని దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"బావా, నేనే పెట్టా."

కత్తి ఆగింది.

"జ్వరం వచ్చి వెళ్ళినప్పట్నుంచి నాకు వాసన తెలియడం లేదు. ఏ వాసనా. మొదటి కుర్చీలు ఊరికే శుభ్రం అన్నా. వీటికి నీళ్ళు పోశా. ఎండలో పెట్టా."

బావ కత్తి కింద పెట్టాడు. డబ్బా మూత తీసిన చప్పుడు, గట్టిగా పీల్చిన చప్పుడు, తుమ్ము. ముప్పై ఏళ్ళుగా నశ్యం కొట్టిన ముక్కు అది. దానికి మంటకీ మల్లెపూవుకీ తేడా తెలియదని గంట అంటూ ఉండేది.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు" అన్నాడు. "సిస్టర్ రేపు వస్తుంది. పాడైనది తీసేసి మిగతావి లోపల పెడతా. ఎప్పట్లాగే గుమ్మంలో నిలబడి, ఎప్పట్లాగే చెప్పు."

"అవి శుభ్రమో కాదో నాకు తెలియదు బావా."

"నాకూ తెలియదు. తెలిసినవాడు ఎవడున్నాడు? నువ్వు అన్నావంటే శుభ్రం. ఇన్నాళ్ళూ అంతేగా."

"ఇన్నాళ్ళూ తెలిసి అన్నా."

"వినేవాళ్ళకు ఆ తేడా ఏం తెలుసు?" మళ్ళీ కత్తి రాయి మీదికి వచ్చింది. "గంటను పిలిపిస్తాలే. అది వేరే సంగతి."

ఆమెకు కోపం రాలేదు. లెక్క వేసుకుంటే అందులో ఆమెకు లాభమే ఉంది. ఇల్లు ఉంటుంది, గుమ్మం ఉంటుంది, పేరు ఉంటుంది. తను దాచుకోవాలనుకున్నది ఇంకొకరు భద్రంగా దాచి పెడతామంటున్నారు. అయినా అన్నం ముందు కూర్చుంటే, ముద్ద ఎత్తినప్పుడల్లా ఆ ముసలాయన కుర్చీలో తల వాల్చడం గుర్తొచ్చింది. ఆయన వాసన చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఎందుకంటే చిన్నమ్మ శుభ్రం అంది.

తెల్లవారింది. సిస్టర్ వచ్చింది. బండివాడు బయట బీడీ ముట్టించి ఉంటాడు, అగ్గిపుల్ల గీసిన చప్పుడే తప్ప ఆమెకు మరేమీ అందలేదు. బావ గుడ్డలు లాగి పక్కకు తప్పుకున్నాడు. చిన్నమ్మ తలుపు తీసింది. చల్లగాలి ముఖానికి తగిలింది. పీల్చింది.

"ఊఁ" అన్నాడు బావ వెనకనుంచి.

"నాకు వాసన తెలియడం లేదమ్మా" అంది చిన్నమ్మ, సిస్టర్ గొంతు ఉండే వైపు తిరిగి. "జ్వరానికి పోయింది. ఇవి శుభ్రమో కాదో చెప్పలేను."

సిస్టర్ చెప్పులు గుమ్మం దాటి లోపలికి వెళ్ళాయి, ఆగాయి, బయటికి వచ్చాయి. "నాకు వెనిగర్ తప్ప ఏమీ తెలియడం లేదు" అంది. తరవాత మెల్లగా, "మరి ముందు పంపినవి?"

"అవీ తెలియకుండానే పంపా."

ఎక్కడో కుళాయి నీళ్ళు బకెట్‌లో పడుతున్నాయి.

"జ్వరం తలకెక్కింది సిస్టర్, ఏదేదో అంటోంది" అన్నాడు బావ. ఆయన గొంతులో ఇంత బతిమాలడం ఆమె ఎప్పుడూ వినలేదు. అక్క పోయిన రోజు కూడా వినలేదు.

"బాగానే మాట్లాడుతున్నారు" అంది సిస్టర్. వెళ్ళేముందు చిన్నమ్మ చెయ్యి ఒకసారి ముట్టుకుని, "ఆయనకు ఎలాగూ ఎక్కువ రోజులు లేవని డాక్టర్ అన్నారు" అంది. అది నిజమో, జాలిపడి చెప్పిందో తెలియలేదు. బండి ఖాళీగా వెళ్ళింది. కుదుపులకు ఎగిరే చక్రాల చప్పుడుబట్టి ఖాళీ అని తెలిసింది.

ముందు తీసుకెళ్ళిన కుర్చీలు సాయంత్రానికి వెనక్కి వచ్చాయి. ఆసుపత్రి ఇనప కుర్చీలు తెప్పించుకుంది. సంగతి మిగతా ఇళ్ళకూ పాకింది. బేరం కుదరని చోట బావకు చెప్పడానికి చివరి మాట లేకుండా పోయింది. ఆ గదిలో ఇప్పుడు కొత్త పేము కట్టలు పెట్టారు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

బావ ఆమెను ఇంట్లోంచి పొమ్మనలేదు. కంచం పెడితే తింటాడు, లేస్తాడు. కావలసింది ఏదైనా ఉంటే గోడతో అన్నట్టు గాలిలోకి అంటాడు, ఆమె అందుకుని చేస్తుంది.

గంటను పిలిపించాడు. ఒక్కడూ మోసుకోలేక పిలిపించాడు. గంట వచ్చింది. బండివాళ్ళతో మాట్లాడుతుంది, బావతో పోట్లాడుతుంది, పిల్లిని తిడుతుంది, పంపుతో కూడా ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. చిన్నమ్మ ఉన్న మూలకు వచ్చేసరికి ఆగిపోతుంది.

మొదటి రోజు చిన్నమ్మ అంది, "నేను అప్పుడే చెప్పాల్సింది."

గంట పంపు తీసుకుని వెళ్ళిపోయింది. చెప్పాల్సింది అని కూడా అనలేదు.

ఇప్పుడు చిన్నమ్మకు దుమ్ము పని. పొడి కుంచె పని. తడి జోలికి ఆమెను రానివ్వరు. పొద్దున్నే గంట ఒక కుర్చీ తెచ్చి ఆమె ముందు పెట్టి వెళ్ళిపోతుంది. నేల మీద కుర్చీ కాళ్ళు ఆనిన చప్పుడు ఒక్కటే గుర్తు. చిన్నమ్మ చెయ్యి చాపి వీపు ఎక్కడో, కూర్చునే చోటు ఎక్కడో తడిమి చూసుకుంటుంది. బద్ద ఏ దారిన పోతోందో వేలితో కనుక్కుంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆ దారినే కుంచె మొదలుపెడుతుంది.